ఏడాది ఫొటోలన్నింటికీ ఒకే శైలి: ప్రీసెట్‌లతో పోర్ట్‌ఫోలియోను ఎలా తీర్చిదిద్దుకోవాలి

పోర్ట్‌ఫోలియో సిద్ధం చేసుకుంటున్నవారి నుంచి ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. “మంచి ప్రీసెట్ ఒకటి ఎంచుకుని ఏడాది ఫొటోలన్నింటికీ వేశాను. అయినా సంక్రాంతి పొగమంచులో తీసిన ఫొటో ఒకలా, మే నెల ఎండలో తీసినది మరోలా, బతుకమ్మ రాత్రి తీసినది ఇంకోలా ఉన్నాయి. తప్పు ప్రీసెట్‌లో ఉందా, నాలో ఉందా?” అని అడుగుతున్నారు.

తప్పు చాలావరకు పనిచేసే క్రమంలో ఉంటుంది. ప్రీసెట్‌కు ఫొటోలో ఏముందో తెలియదు. అది కొన్ని స్లైడర్లను ముందే నిర్ణయించిన అంకెల దగ్గర నిలబెడుతుంది, అంతే. రెండు ఫొటోల వెలుగు, తెలుపు రంగు సమతుల్యం మొదట్లోనే వేరుగా ఉంటే, ఒకే ప్రీసెట్ వేసిన తరువాత కూడా ఆ తేడా అలాగే మిగులుతుంది, కొన్నిసార్లు ఇంకా పెరుగుతుంది కూడా. అందువల్ల పనిని రెండుగా విడదీయాలి. ఒక్కో ఫొటోలోని వెలుగును, రంగును సరిచేయడం దిద్దుబాటు. అన్నింటికీ ఉమ్మడిగా ఉండవలసిన రూపం శైలి. ప్రీసెట్‌లో శైలి మాత్రమే ఉండాలి. కింద చెప్పిన పద్ధతి అంతా ఈ విభజన మీదే ఆధారపడి ఉంది.

మెనూ పేర్లను లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఉన్నట్టుగా ఇచ్చాను. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ వాడేవారు ప్రీసెట్ అన్నచోట `styles` అని, రాథెరపీ వాడేవారు `.pp3` ప్రొఫైల్ అని చదువుకుంటే సరిపోతుంది. పని క్రమం మారదు.

కావలసినవి

- రా ఫైళ్లు. జేపెగ్‌లు మాత్రమే ఉంటే వాటికి వేరే ప్రీసెట్ చేసుకోవాలి. కారణం అయిదో మెట్టులో ఉంది.
- కాలిబ్రేట్ చేసిన తెర. కాలిబ్రేటర్ పరికరం లేకపోతే కనీసం తెర వెలుతురును ఒకే స్థాయిలో స్థిరంగా ఉంచి, రాత్రిపూట తెరను పసుపుగా మార్చే సదుపాయాన్ని, గది వెలుతురును బట్టి తనంతట తాను మారే సదుపాయాన్ని పూర్తిగా ఆపివేయండి. ఇవి పనిచేస్తూ ఉంటే ఉదయం దిద్దిన ఫొటో, సాయంత్రం దిద్దిన ఫొటో ఎప్పటికీ కలవవు.
- కేటలాగ్ బ్యాకప్. పని మొదలుపెట్టే ముందే తీసుకోండి.
- పోర్ట్‌ఫోలియోలోకి వెళ్లగల ఫొటోల తొలి ఎంపిక. వేలకొద్దీ ఫొటోలపై శైలిని ప్రయత్నించడం వృథా శ్రమ.

1. నెలల వారీగా కాక, వెలుగు వారీగా నమూనాలు ఎంచుకోండి

జనవరికి ఒకటి, ఫిబ్రవరికి ఒకటి అని తీసుకుంటే ఎండలో తీసినవే ఎక్కువగా వస్తాయి. అందుకు బదులు మీ ఏడాదిలో ఎదురైన వెలుగు రకాలను గుర్తుతెచ్చుకోండి. మన ప్రాంతంలో తీసేవారికి సాధారణంగా అయిదు రకాలు తగులుతాయి: భోగినాటి పొగమంచు ఉదయం, కళ్లాల్లో మిరపకాయలు ఎండే నడిమధ్యాహ్నపు ఎండ, వరినాట్ల వేళ మబ్బు పట్టిన ఆకాశం, ఇంటి అరుగు మీది నీడ, బతుకమ్మ ఆటలోనో కార్తీక దీపాల దగ్గరో ఉండే కృత్రిమ వెలుగు. ఒక్కో రకానికి రెండేసి ఫొటోలు తీసుకుని ఒక కలెక్షన్‌లో పెట్టండి. రెండింటిలో ఒకదానిలో మనిషి ముఖం తప్పనిసరిగా ఉండాలి.

2. అన్నింటినీ ఒకే పునాదికి తీసుకురండి

నమూనాలకు వర్చువల్ కాపీలు తీసుకోండి. విండోస్‌లో `Ctrl+'`, మ్యాక్‌లో `Cmd+'` నొక్కితే వస్తాయి. పాత ఎడిటింగ్ అసలు ఫొటోపై భద్రంగా ఉంటుంది. తరువాత కాపీలన్నింటినీ ఎంచుకుని `Reset` చేసి, అన్నింటికీ ఒకే ప్రొఫైల్ పెట్టండి.

ఏడాదిలో రెండు కెమెరాలు వాడి ఉంటే `Adobe Color` మేలు. కెమెరా కంపెనీల పేరిట ఉండే ప్రొఫైళ్లు ఆయా మోడళ్లకే పరిమితం. ఒకదాని ప్రొఫైల్ మరోదానికి లేకపోతే ఆ ప్రీసెట్ సరిగా పనిచేయదు. ఒకే కెమెరా వాడినవారికి ఈ ఇబ్బంది లేదు.

3. శైలి జోలికి వెళ్లకుండా దిద్దుబాటు మాత్రమే చేయండి

చాలామంది తొందరపడి దాటేసే మెట్టు ఇదే. ప్రతి నమూనాలోనూ ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్‌లోని టెంపరేచర్, టింట్ అనే మూడు స్లైడర్లను మాత్రమే కదపండి. పూర్తయ్యేసరికి ఫొటోలన్నీ చప్పగా, కానీ నిజాయితీగా కనిపించాలి.

వైట్ బ్యాలెన్స్‌కు డ్రాపర్‌ను ఎక్కడ నొక్కుతున్నారో జాగ్రత్తగా చూడండి. ఊళ్లలో సున్నం వేసిన గోడ తెల్లగా కనిపిస్తుంది కాబట్టి అక్కడ నొక్కాలనిపిస్తుంది. కానీ సున్నంలో నీలిమందు కలిపే అలవాటు ఉంది. ఆ గోడలోని నీలిని సాఫ్ట్‌వేర్ దోషంగా భావించి దానికి విరుగుడుగా ఫొటో మొత్తాన్ని పసుపు వైపు నెడుతుంది. ఉతికిన తెల్ల పంచెల విషయంలోనూ అదే జరుగుతుంది. స్టీలు పాత్ర కూడా పనికిరాదు, ఎందుకంటే అది చుట్టూ ఉన్న రంగులనే చూపిస్తుంది. సిమెంటు నేల, బూడిదరంగు రాయి, ముగ్గుపిండి వంటివి నయం. నొక్కిన తరువాత ముఖం చూసి చేత్తో సరిదిద్దుకోండి.

ఫలితాన్ని చూసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. డెవలప్‌లో కర్సర్‌ను ముఖంపై, మెరుపు లేని చెంప భాగంలో ఉంచితే హిస్టోగ్రామ్ కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం శాతాలు కనిపిస్తాయి. ఏ ఛాయ చర్మానికైనా ఎరుపు అన్నిటికంటే ఎక్కువ, ఆకుపచ్చ మధ్యలో, నీలం అన్నిటికంటే తక్కువ ఉండాలి. ఎరుపు 62, ఆకుపచ్చ 48, నీలం 39 అన్నట్టుగా మెట్లు దిగుతూ ఉంటే సరే. నీలం ఆకుపచ్చను అందుకుంటూ ఉంటే ఫొటో చల్లబడింది. ఆకుపచ్చ ఎరుపుకు దగ్గరగా వస్తుంటే టింట్‌ను మెజెంటా వైపు జరపాలి. ఫ్లడ్‌లైట్ల కింద తీసిన బతుకమ్మ ఫొటోల్లో ఈ రెండో లోపం తరచుగా కనిపిస్తుంది.

ఈ పరీక్షలో చూడవలసింది రంగుల మధ్య సంబంధాన్ని మాత్రమే. ఏకరూపత పేరుతో అందరి ముఖాలనూ ఒకే ప్రకాశానికి తీసుకురావద్దు. నల్లని మనిషిని తెల్లబరచడం దిద్దుబాటు కాదు. అతని ముఖం ఆ వెలుగులో కంటికి ఎలా కనబడిందో ఫొటోలోనూ అలాగే ఉండాలి.

నూనె దీపాల ఫొటోలకు మినహాయింపు ఇవ్వాలి. దీపపు వెలుగు స్వతహాగా బాగా పసుపుగా ఉంటుంది. దాన్ని పూర్తిగా తటస్థం చేస్తే కార్తీక పౌర్ణమి ఆసుపత్రి వరండాలా మారిపోతుంది. కెల్విన్‌ను 3200 నుంచి 3800 మధ్య ఉంచి వెచ్చదనాన్ని మిగల్చండి.

4. ఒక సాదా ఫొటోను ఆధారంగా పెట్టుకుని శైలిని కట్టండి

శైలిని ఏ ఫొటోపై రూపొందించాలన్నది పెద్ద నిర్ణయం. అందరి చెయ్యీ సాయంసంధ్య ఫొటో మీదికే వెళుతుంది. అది సరైన ఎంపిక కాదు. బంగారు వెలుగులో ఏం చేసినా అందంగానే ఉంటుంది కాబట్టి, ప్రీసెట్‌లోని లోపాలు అక్కడ బయటపడవు.

అరుగు మీద నీడలో కూర్చుని పూలు కడుతున్న ఒక స్త్రీ ఫొటోను ఉదాహరణగా తీసుకుందాం. వెనుక సున్నపు గోడ, పక్కన తులసికోట, ఒడిలో మల్లెలు, కనకాంబరాలు ఉన్నాయి. తెలుపు, ఆకుపచ్చ, నారింజ, చర్మం, నీడ అన్నీ ఒకే ఫ్రేములో, మెత్తని వెలుగులో దొరుకుతున్నాయి. ఆధార ఫొటోకు ఇటువంటిది అనువైనది.

ఈ ఫొటోపై మూడు చోట్ల మాత్రమే పని చేయండి.

మొదటిది టోన్ కర్వ్. శైలిలో సగం ఇక్కడే ఉంటుంది. నీడల దగ్గర కొంచెం కిందికి, వెలుగుల దగ్గర కొంచెం పైకి లాగిన మెత్తని ఎస్ ఆకారం చాలు. నలుపును కాస్త పొగబారినట్టు చూపాలనుకుంటే ఎడమ చివరి బిందువును మూడు, నాలుగు శాతం పైకి లేపండి, అంతకు మించవద్దు.

రెండోది కలర్ మిక్సర్. ఇక్కడ మన ఫొటోలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఆకుపచ్చను అణచి చూపే ప్రీసెట్‌లు చాలావరకు పసుపు స్లైడర్‌ను గట్టిగా కదుపుతాయి, ఎందుకంటే గడ్డి, వరిచేలల రంగులో పసుపు పాలు చాలా ఎక్కువ. అయితే తంగేడు పూలు, బంతిపూలు, పసుపు పూసిన గడపలు కూడా అదే స్లైడర్ పరిధిలోకి వస్తాయి. పసుపు హ్యూను ఆకుపచ్చ వైపు జరిపితే బతుకమ్మ మీది తంగేడు పూలు పచ్చికాయల్లా కనిపిస్తాయి. నారింజ వైపు జరిపితే శ్రావణంలోని వరిచేను నీళ్లందక ఎండిపోయినట్టుంటుంది. అందుకని పసుపు హ్యూను సున్నా దగ్గరే వదిలి, ఆకుపచ్చ శాచురేషన్‌ను 15 నుంచి 20 వరకు తగ్గించండి. నారింజను కూడా వీలైనంత తక్కువ తాకండి. చర్మం, కనకాంబరం, మట్టి కుండ, కాషాయం అన్నీ అక్కడే ఉన్నాయి.

మూడోది కలర్ గ్రేడింగ్. నీడలకు హ్యూ 220 దగ్గర శాచురేషన్ 5 లేదా 6, వెలుగులకు హ్యూ 45 దగ్గర 4 లేదా 5 చాలు. విడిగా చూస్తే ఇది కనిపించీ కనిపించనట్టుంటుంది. నలభై ఫొటోలను పక్కపక్కన పెట్టినప్పుడు అవన్నీ ఒకే చేతి పని అనిపించేది మాత్రం నీడల్లోని ఈ ఉమ్మడి రంగు వల్లే.

5. ప్రీసెట్‌ను భద్రపరచండి

డెవలప్‌లో `Ctrl+Shift+N` నొక్కితే `New Develop Preset` పెట్టె తెరుచుకుంటుంది. ముందుగా అన్ని టిక్కులూ తీసివేసి, ప్రొఫైల్, టోన్ కర్వ్, కలర్ మిక్సర్, కలర్ గ్రేడింగ్‌లకు మాత్రమే టిక్కు పెట్టండి. లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్‌ను కావాలంటే చేర్చుకోవచ్చు. ఎనిమిదో మెట్టులోని `Amount` స్లైడర్ పనిచేయాలంటే `Support Amount Slider`కు కూడా టిక్కు ఉండాలి.

ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, క్రాప్, నాయిస్ రిడక్షన్, మాస్కులకు టిక్కు ఉండకూడదు. ముఖ్యంగా వైట్ బ్యాలెన్స్ చేరితే, నీడలో పెట్టుకున్న 7000 కెల్విన్ దీపాల ఫొటోపైకి కూడా వెళ్లి దాన్ని ఎర్రని మంటగా మార్చేస్తుంది. పైగా రా ఫైల్‌లో వైట్ బ్యాలెన్స్ కెల్విన్ అంకె, జేపెగ్‌లో మైనస్ 100 నుంచి ప్లస్ 100 వరకు ఉండే సాపేక్ష అంకె. రెండింటికీ పొత్తు కుదరదు. జేపెగ్‌లో కెమెరా తన కాంట్రాస్ట్‌ను ముందే కలిపేస్తుంది కాబట్టి, జేపెగ్ ప్రీసెట్‌లో కర్వ్‌ను మరింత మెత్తగా ఉంచాలి.

పేరులో సంవత్సరం, సంఖ్య ఉండేలా `2024-mool-v1` వంటిది పెట్టండి. ‘కొత్తది’, ‘ఫైనల్’ వంటి పేర్లు నెల తిరిగేసరికి ఏమీ చెప్పవు.

6. మిగతా నమూనాలపై వేసి, ఎక్కడ తప్పుతోందో చూడండి

మూడో మెట్టులో దిద్దిన నమూనాలన్నింటికీ ప్రీసెట్ వేయండి. కొన్ని బాగుంటాయి, కొన్ని చెడతాయి. చెడిన ప్రతిసారీ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఈ ఒక్క ఫొటో సమస్యా, లేక ఈ వెలుగు రకానికంతటికీ ఉన్న సమస్యా? ఒక్క ఫొటోదైతే ఆ ఫొటోలోనే సరిచేయండి. రకానికంతటికీ ఉంటే ప్రీసెట్‌కు ఒక ఉపరూపం అవసరం.

ఎండ వేళ కళ్లంలో ఆరబోసిన మిరపకాయల ఫొటోను చూడండి. ప్రీసెట్ వేయగానే ఎరుపంతా ఒకే ముద్దగా మారి, కాయ మీది ముడతలు, తొడిమ దగ్గరి గీతలు మాయమవుతాయి. హిస్టోగ్రామ్‌లో ఎరుపు ఒక్కటే కుడి గోడకు ఆనుకుని ఉంటుంది. ఎస్ ఆకారపు కర్వ్ కాంట్రాస్ట్‌తో పాటు రంగు గాఢతను కూడా పెంచుతుంది; అప్పటికే నిండుగా ఉన్న ఎరుపు దాన్ని తట్టుకోలేదు. ఇక్కడ ఎక్స్‌పోజర్‌ను అర స్టాప్ తగ్గించి, ఎరుపు శాచురేషన్‌ను 12 నుంచి 15 వరకు తగ్గిస్తే ముడతలు తిరిగి వస్తాయి. హైలైట్స్ స్లైడర్‌ను లాగితే కాయలు బూడిదపట్టినట్టు కనిపిస్తాయి, ఫలితం దక్కదు. ఎండలో తీసిన ఎర్ర చీరలకూ ఇదే జరుగుతుంది కాబట్టి, ఇది ఎండ రకానికంతటికీ వర్తించే సమస్య.

పొగమంచు ఫొటోల్లో ఇంకో ఇబ్బంది ఉంటుంది. వాటిలో అసలు నలుపే లేదు. కాంట్రాస్ట్ చాలడం లేదని బ్లాక్స్‌ను లాగినా, డీహేజ్ పెంచినా పొగమంచు పోయి మామూలు మబ్బు ఉదయం మిగులుతుంది. శైలిలో ఏకరూపత అంటే అన్ని ఫొటోల్లో నలుపు ఒకే లోతులో ఉండడం అని అనుకోవద్దు. ఉన్న నీడకు ఒకే రంగు ఛాయ ఉంటే చాలు.

7. మూడుకు మించకుండా ఉపరూపాలు చేసుకోండి

మూల ప్రీసెట్, ఎండ ప్రీసెట్, రాత్రి ప్రీసెట్ చాలు. ఎండ రూపంలో కర్వ్ కొంచెం మెత్తగా, ఎరుపు గాఢత తక్కువగా ఉంటుంది. రాత్రి రూపంలో పైకి లేపిన నలుపును సున్నాకు తెచ్చేయాలి; లేకపోతే దీపాల చుట్టూ ఉన్న చీకటి పొగలా తేలి, నాయిస్ బయటపడుతుంది. నీడల్లోని నీలి ఛాయను మాత్రం మూడింటిలోనూ అలాగే ఉంచండి.

ఉపరూపాలు ఏడెనిమిదికి చేరుతున్నాయంటే మూడో మెట్టు సరిగా జరగలేదని అర్థం. వెలుగులో దిద్దవలసిన తేడాలను ప్రీసెట్‌లతో కప్పిపుచ్చుతున్నారన్నమాట. అటువంటప్పుడు కొత్త ప్రీసెట్ చేయడం ఆపి వెనక్కి వెళ్లండి.

మరో హెచ్చరిక. ప్రీసెట్‌పై కుడి క్లిక్ చేసి `Update with Current Settings` ద్వారా మార్పు చేసినా, అంతకుముందు ఆ ప్రీసెట్ వేసిన ఫొటోలు వాటంతట అవి మారవు. వాటికి మళ్లీ వేయాలి. అందువల్ల నమూనాల దశలోనే ప్రీసెట్‌ను ఖాయం చేసుకుని, ఆ తరువాతే ముందుకు కదలండి.

8. ఏడాది ఎంపికపై అమలు చేయండి

ఫొటోలను వెలుగు రకాల వారీగా గుంపులు చేయండి. ఒక్కో గుంపులో ఈ క్రమం పాటించండి: మొదట ఒక ఫొటోను దిద్దాలి, అదే వెలుగులో తీసిన మిగతావాటికి వైట్ బ్యాలెన్స్‌ను `Sync` చేయాలి, ఎక్స్‌పోజర్‌ను విడివిడిగా సరిచూడాలి, తగిన ప్రీసెట్ వేయాలి, చివరగా క్రాప్, మాస్కులు చేసుకోవాలి.

వరుసగా తీసిన షాట్లలో కెమెరా ఎక్స్‌పోజర్ మారుతూ వచ్చి ఉంటే, సరిగా ఉన్న ఫొటోను ముందు ఎంచుకుని, మిగతావాటిని దానికి చేర్చి, సెట్టింగ్స్ మెనూలో `Match Total Exposures` వాడండి. ఒకే చోట, ఒకే వెలుగులో తీసిన వరుసకే ఇది పనికొస్తుంది. ఎండలో ఒకటి, నీడలో ఒకటి ఉన్న గుంపుపై వాడితే ఫలితం తలకిందులవుతుంది.

పని చేస్తున్నంతసేపూ ఆధార ఫొటో కళ్లెదుట ఉండాలి. `Shift+R` నొక్కితే రిఫరెన్స్ వ్యూ వస్తుంది. అరుగు ఫొటోను ఎడమవైపు పెట్టి, కుడివైపు ఒక్కొక్కటే దిద్దండి. ఇలా పక్కన పోల్చుకునే ఫొటో లేకపోతే కన్ను ఇప్పుడే చూసిన రంగుకు అలవాటుపడిపోతుంది, మీకు తెలియకుండానే ప్రతి ఫొటో ముందుదానికంటే కాస్త వెచ్చగానో చల్లగానో జరుగుతూ పోతుంది.

ప్రీసెట్ ఎక్కువైందనిపించిన ఫొటోలకు ప్రీసెట్ల పట్టీ పైన ఉండే `Amount` స్లైడర్‌ను 70 వరకు తగ్గించవచ్చు. సగానికంటే కిందికి తగ్గించవలసి వస్తుంటే అసలు ఆ ఫొటో ఈ పోర్ట్‌ఫోలియోకు చెందుతుందా అని ఆలోచించండి.

9. ఫలితాన్ని పరీక్షించండి

ఒక్కొక్క ఫొటోను నిండు తెరలో చూస్తే ఏకరూపత తెలియదు. `G` నొక్కి గ్రిడ్‌లోకి వచ్చి, బొమ్మలను బాగా చిన్నవి చేసి, మొత్తం ఎంపికను ఒకే చూపులో చూడండి. విషయం కనిపించనంత చిన్నగా ఉన్నప్పుడు రంగు, వెలుగు మాత్రమే మిగులుతాయి. కన్ను ఏ ఫొటో దగ్గర ఆగిపోతోందో దానికి రంగు లేబుల్ పెట్టండి.

తరువాత ఆ గ్రిడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగులో కలిసినట్టు కనిపించిన ఫొటోల్లో కొన్ని ఇక్కడ మరీ చీకటిగానో, మరీ తెల్లగానో బయటపడతాయి. వాటి సమస్య ఎక్స్‌పోజర్‌ది కాబట్టి ప్రీసెట్‌ను ముట్టుకోవద్దు. నలుపు తెలుపులో సరిపోయి రంగులో విడిగా కనిపించేవాటికి వైట్ బ్యాలెన్స్ చూడండి. రెండూ సరిగానే ఉండి ఒకే ఒక్క రంగు అరుస్తుంటే కలర్ మిక్సర్‌కు వెళ్లండి.

వరిచేల ఫొటోలు మిరప కళ్లాల ఫొటోలకంటే చల్లగా, తడిగా కనిపిస్తే వదిలేయండి. వానాకాలాన్ని ఎండాకాలంలా చూపనక్కరలేదు. నీడల ఛాయ, కర్వ్ మెత్తదనం, చర్మపు రంగుల వరుస ఈ మూడూ కలిస్తే రుతువుల తేడా ఆ సెట్‌కు బలమే అవుతుంది.

లేబుల్ పెట్టినవాటిని ఆ పూటే దిద్దకుండా ఒక రాత్రి గడిచాక చూడండి. మర్నాడు కూడా విడిగానే కనిపించినవాటిని సరిచేయండి.

10. ఎగుమతి చేసి ఫోన్‌లో సరిచూడండి

వెబ్ కోసం కలర్ స్పేస్ `sRGB`, ఫార్మాట్ జేపెగ్, నాణ్యత 80 నుంచి 85, పొడవు వైపు సుమారు 2400 పిక్సెల్స్ పెట్టండి. అడోబ్ ఆర్జీబీలో పంపితే ప్రొఫైల్‌ను చదవని చోట్ల రంగులు వెలవెలబోతాయి.

పోర్ట్‌ఫోలియో చూసేవారిలో చాలామంది ఫోన్‌లోనే చూస్తారు కాబట్టి అయిదు ఫొటోలను, ఒక్కో వెలుగు రకానికి ఒకటి చొప్పున, రెండు వేర్వేరు ఫోన్లలో తెరిచి చూడండి. అయిదూ ఒకే తీరుగా ఎర్రబడితే అది ఆ ఫోన్ తెర స్వభావం. ఒక్కటే ఎర్రబడితే ఆ ఫొటోను మళ్లీ మూడో మెట్టుకు తీసుకువెళ్లండి. అన్నీ చీకటిగా అనిపిస్తే మీ కంప్యూటర్ తెర వెలుతురు మరీ ఎక్కువగా ఉన్నట్టు. దాన్ని తగ్గించి, ముందుగా ఆధార ఫొటో ఎక్స్‌పోజర్‌ను సరిచేసి, ఎంత పెంచవలసి వచ్చిందో చూసి, మిగతా సెట్‌కంతటికీ అంతే పెంచండి. మొత్తం సెట్‌ను ఎంచుకుని లైబ్రరీలోని `Quick Develop`లో ఎక్స్‌పోజర్ బాణం గుర్తు నొక్కితే ప్రతి ఫొటోకూ దాని ప్రస్తుత విలువ మీద అంత మేరే కలుస్తుంది, మీరు విడివిడిగా చేసిన దిద్దుబాట్లు చెరిగిపోవు.